రొయ్యల పచ్చడి లాభం: ఒక్క అంకె చాలదా, 5000 సార్లు పాచికలు వేయాలా?

పెన్నా ఒడ్డు, నెల్లూరు: రొయ్యల పచ్చడి మొదలుపెడుతున్నాం. సీసా 300. ఏడాదికి 1000 నుంచి 4000 సీసాలు పోవచ్చు, సీసా ఖర్చు 140 నుంచి 220. అద్దె, మిషను కలిపి 2,50,000. మా వంటగదిలో 2500 సీసాలకు మించి తయారు కావు. సగటు వేసుకుంటే 50,000 లాభం వస్తోంది. మా బావ ఎక్సెల్‌లో అంకెలు మార్చి మార్చి వేలసార్లు లెక్కవేసే సిమ్యులేషన్ చెయ్యమంటున్నాడు. అవసరమా?

ఒంగోలు కుర్రాడు: అవసరం లేదు బ్రో. మంచి, చెడ్డ, మధ్యస్థం అని మూడు లెక్కలు వేస్కో. వేలసార్లు వేసినా సగటు ఆ 50,000 దగ్గరికే వస్తుంది.

లెక్కల మాస్టారు: వంటగది హద్దు లేకపోతే ఒంగోలు తమ్ముడు చెప్పింది నిజమే. హద్దు ఉందిగా! 4000 మంది అడిగినా అమ్మేది 2500. అడిగేవాళ్లు 1000 మందే అయితే ఆ దెబ్బ మాత్రం పూర్తిగా తగులుతుంది. A1లో ఇది పెట్టి 5000 వరుసలకు లాగండి:

```
=MIN(RANDBETWEEN(1000,4000),2500)*(300-RANDBETWEEN(140,220))-250000
```

ఇంకో గడిలో నష్టం వచ్చే వంతు:

```
=COUNTIF(A1:A5000,"<0")/5000
```

సగటు 5,000 చుట్టూ తిరుగుతుంది. F9 నొక్కినప్పుడల్లా కాస్త అటూ ఇటూ అవుతుంది, కంగారుపడొద్దు. నష్టం వచ్చే వంతు దాదాపు సగం. హద్దు తీసేస్తే అది నూటికి 39కి దిగుతుంది. అన్నీ కలిసొచ్చినా లాభం 1,50,000 దాటదు, అన్నీ ఎదురుతిరిగితే 1,70,000 పోతుంది.

కావలి చెరువు: రొయ్య మా దగ్గర తీసుకోండి అన్నా, కిలోకు వంద తూగే 100 కౌంట్ చవగ్గా ఇస్తాం. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల కబురు రాగానే గట్టు మీద ధర ఢామ్మని పడింది. అలాంటి రోజున కొని పెట్టుకుంటే ఈ లెక్కలెందుకు?

లెక్కల మాస్టారు: ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పినా పనికొచ్చే మాటే చెప్పారు. 140–220 అన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒక్క సీజన్ బిల్లులు చూసి రాసుకుంటే అలాంటి రోజు అందులో ఉండదు. ఎక్సెల్ మనమిచ్చిన హద్దుల్లోనే పాచిక వేస్తుంది.

ఒంగోలు కుర్రాడు: సరే, సగటు విషయంలో తప్పే. కానీ RANDBETWEENలో 1000కీ 2500కీ ఒకే ఛాన్స్. కొత్త సరుకు అలా పోతుందా? నడుమ అంకెలే ఎక్కువసార్లు రావాలి కదా.

లెక్కల మాస్టారు: నిజమే, నడుమకు బరువిస్తే నష్టం వంతు కొంత తగ్గుతుంది. అయినా సగటు 50,000కి చేరదు, పైన కోత అలాగే ఉంటుంది. నన్ను ఇబ్బంది పెడుతున్నది వేరే. అమ్ముడైనన్ని సీసాలకే ఖర్చు వేశాం. ముందే వండి పెడితే మిగిలినవాటి ఖర్చు ఎవరిది?

పెన్నా ఒడ్డు, నెల్లూరు: ఆర్డర్ వచ్చాకే వండుదామనుకున్నాం మాస్టారూ. కానీ సంక్రాంతికి అందరూ ఒకేసారి అడుగుతారు, అప్పుడు ముందే వండక తప్పదు. ఆ నెలకు విడిగా ఒక షీట్ వెయ్యాలా?

ఒంగోలు కుర్రాడు: ముందు ఆ 2500ని 3200 చెయ్యడానికి ఎంతవుతుందో కనుక్కో అన్నా.