ఆరేళ్లు కట్టిన పాలసీ: ఆపేయాలా, కట్టుకుంటూ పోవాలా?

మానేరు_గట్టు
నమస్కారం అండీ. మా మేనమామ ఏజెంటుగా ఉన్నప్పుడు నాతో ఒక ఎండోమెంట్ పాలసీ చేయించారు. 20 ఏళ్లు, 5 లక్షల సమ్ అష్యూర్డ్, ఏడాదికి 26,000 ప్రీమియం. ఇప్పటికి ఆరు ప్రీమియాలు, అంటే 1,56,000 కట్టాను. ఏడోది కట్టమని మెసేజ్ వచ్చింది, గ్రేస్ పీరియడ్ ఈ నెలాఖరు దాకే. ఆఫీసులో అడిగితే ఇప్పుడు సరెండర్ చేస్తే 1,05,000 వస్తుందన్నారు. యాభై వేలు కళ్లముందే పోతుంటే మనసు ఒప్పడం లేదు. కడుతూ పోదామంటే పర్సనల్ లోన్ ఒకటి ఉంది. 2 లక్షలు బాకీ, 15 శాతం వడ్డీ, ఇంకా మూడేళ్లు. పాప చదువుకని వేసిన 3 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఏం చేయమంటారు?

సూటిగా_శ్రీను
ఇందులో ఆలోచించడానికేముంది బ్రదర్? పోయిన డబ్బు పోయింది, దాని కోసం ఇంకా పోయకండి. ఇలాంటి పాలసీల్లో వచ్చేది 5 శాతమే. రేపే సరెండర్ చేసి ఆ 26,000 సిప్‌లో వేయండి, 12 శాతం వస్తుంది.

విజయ_గుంటూరు
నాదీ ఇదే సమస్య. 5 లక్షల చిట్టీ, సగం నెలలు అయిపోయాయి, ఇంకా పాడలేదు. ఆపేస్తే కట్టింది వెంటనే ఇవ్వరట, నా స్థానంలో ఇంకొకరు చేరాలట. మా ఆయన బ్యాంకులో వేసుకుంటే సరిపోయేది కదా అంటారు. బ్యాంకులో వేస్తే పండక్కే అయిపోతుంది అండీ. చిట్టీ అయితే నెలనెలా మనిషి వచ్చి అడుగుతాడు, కట్టక తప్పదు.

పద్దు_పుస్తకం
విజయ గారూ, మీ చిట్టీ సంగతి కొంచెం వేరు, చివర్లో వస్తాను.

మానేరు గారూ, ఇన్సూరెన్స్ ఆఫీసులోనే పనిచేసి రిటైర్ అయ్యాను. శ్రీను గారు చెప్పిన సూత్రం సరైనదే. కట్టిన 1,56,000ని లెక్కలోంచి తీసేయాలి. అయితే తీసేశాక ముందుకు లెక్క వేయకుండానే ఆయన తీర్పు చెప్పేశారు. బోనస్ వెయ్యికి ఏడాదికి ఎంత ప్రకటిస్తున్నారో చెప్పగలరా?

మానేరు_గట్టు
40 రూపాయల చుట్టుపక్కలే ఉందండీ.

పద్దు_పుస్తకం
అయితే చూడండి. 5 లక్షల మీద ఏడాదికి 20,000 బోనస్. ఇదే రేటు 20 ఏళ్లూ నిలిస్తే 4 లక్షలు, అసలుతో కలిపి చేతికొచ్చేది 9 లక్షలు. మొదటి రోజు నుంచి లెక్కేస్తే రాబడి 5 శాతమే, శ్రీను గారు అన్నట్టే. ఆ రోజు నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ణి.

కానీ మీరు అడుగుతున్నది ఈ రోజు. ఇప్పుడు ప్రీమియం ఆపేసి పాలసీని అలాగే వదిలేస్తే అది పెయిడప్ అవుతుంది. 20లో 6 కట్టారు కాబట్టి 5 లక్షల్లో 1,50,000, ఇప్పటిదాకా చేరిన బోనస్ 1,20,000, మొత్తం 2,70,000 గడువు నాటికి వస్తుంది. కొత్త బోనస్ కలవదు. అంటే ఇక మీద కట్టబోయే 14 ప్రీమియాలు, 3,64,000, మీకు అదనంగా తెచ్చేది 6,30,000. ఆ డబ్బు మీద రాబడి 7 శాతం దగ్గర పడుతుంది.

సరెండర్‌తో పోల్చినా అంతే. ఈ రోజు 1,05,000 తీసుకుని, ఏటా 26,000 కలుపుతూ 7 శాతానికి వేస్తే 14 ఏళ్లకు దాదాపు అదే 9 లక్షలు. ఛార్జీలు, ఏజెంటు కమిషన్ ఎక్కువ పడేది మొదటి ఏళ్లలో. ఆ దెబ్బ మీరు తినేశారు. అందుకే మిగిలిన భాగం మొత్తం పాలసీ కంటే మెరుగ్గా కనిపిస్తుంది. పైగా మీ పాలసీకి గడువు సొమ్ము మీద పన్ను ఉండదు, ఎఫ్‌డీ వడ్డీ మీద ఉంటుంది.

సూటిగా_శ్రీను
అయితే పోయిన డబ్బు కోసమే కొనసాగించమన్నట్టేగా?

పద్దు_పుస్తకం
కాదండీ. నా లెక్కలో 1,56,000 అన్న అంకె ఎక్కడా రాలేదు, చూసుకోండి. ఆరేళ్లు కట్టాను కదా అని కొనసాగించడం తప్పు. ఆరేళ్లు మోసపోయాను కదా అని కసితో ఆపేయడమూ తప్పే. రెండింటిలోనూ వెనకటి డబ్బే మాట్లాడుతోంది. ఇక 12 శాతం ఎవరూ రాసివ్వరు. బోనస్ కూడా హామీ కాదు, తగ్గితే నా 7 కూడా తగ్గుతుంది.

ఎకనామిక్స్_లెక్చరర్
ఒక మాట కలుపుతాను. ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు 1985లో ప్రచురించిన పరిశోధనలో నాటకాల సీజన్ టికెట్లు కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపుకు అమ్మి చూశారు. ఎవరికి ఏ ధర అన్నది లాటరీలాగే నిర్ణయించారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగానికి ఆ తేడా పోయింది. అంటే పెట్టిన డబ్బు తాలూకు బాధ నిర్ణయాన్ని లాగేది కొంతకాలమే. మీ విషయంలో ఏటా వచ్చే ప్రీమియం మెసేజ్ ఆ బాధను మళ్లీ లేపుతోంది.

పద్దు_పుస్తకం
నిజం. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, మీరు లెక్కలోకి తీసుకోవద్దన్న ఎఫ్‌డీ. దాని వడ్డీ ఎంత?

మానేరు_గట్టు
6.75 శాతం. పాప డబ్బు అండీ, ముట్టుకోవద్దని మా ఆవిడ గట్టిగా చెప్పింది.

పద్దు_పుస్తకం
పాలసీలో తేడా అర శాతమో ఒక శాతమో. ఇక్కడ తేడా ఎనిమిది శాతం పైనే. ఒక చేత్తో 15కి అప్పు తెచ్చి మరో చేత్తో 6.75కి వేసినట్టుంది. పాప ఎఫ్‌డీ అని, పర్సనల్ లోన్ అని పేర్లు వేరుగా పెట్టుకున్నాం గానీ తీర్చేది ఒక్క జీతమే.

ఎఫ్‌డీలోంచి 2 లక్షలు తీసి లోన్ మూసేస్తే, నెలనెలా కట్టే 6,930 మిగులుతుంది. అదే రోజున, అదే మొత్తాన్ని, పాప పేరుతోనే ఆర్‌డీ పెట్టండి. 6.5 శాతానికి మూడేళ్లలో 2,74,000 అవుతుంది. ఆ 2 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంటే 2,43,000. ముప్పై వేల తేడా. లోన్ ముందే మూసినందుకు ఛార్జీ, ఎఫ్‌డీ మధ్యలో తీసినందుకు కోత పోను ఇరవై వేలన్నా మిగలవచ్చు.

విజయ_గుంటూరు
మీ లెక్క బాగుంది గానీ అన్నయ్యా, ఆ 6,930 ఆర్‌డీకి పోతుందని గ్యారంటీ ఏంటి? మా తోడికోడలు ఇలాగే చేసింది. లోన్ తీరింది, ఎఫ్‌డీ పోయింది, మిగిలిన డబ్బుకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. వచ్చే నెల నుంచి వేద్దాం అంటూనే ఏడాది గడిచింది. మానేరు గారి భార్య ఎందుకు వద్దంటున్నారో నాకు అర్థమైంది.

పద్దు_పుస్తకం
మంచి ప్రశ్న అమ్మా. మూడేళ్లలో మూడు నాలుగు నెలలు ఎగ్గొడితే చాలు, నేను చూపిన లాభం మొత్తం పోతుంది. ఆ ఎఫ్‌డీ ఖర్చుకు అడ్డంగా కట్టుకున్న గోడ, దానికి విలువ లేదని నేననను. ఇరవై వేలు దాని ధర, అంతే. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా ఆర్‌డీకి ఆటో డెబిట్ పెట్టగలిగితే గోడ కూల్చవచ్చు. పెట్టలేకపోతే ఉండనివ్వాలి. మీ చిట్టీ కూడా అలాంటి గోడే, ఆ కట్టుబాటు లేకుంటే పండక్కి ఖర్చుపెట్టేసే మనిషికి అది పనికొస్తుంది. సగంలో ఉన్నారు కాబట్టి మీరు చూడాల్సింది ఇకమీద ఎంత కడతారు, పాడితే ఎంత వస్తుంది అన్నదే.

ఎకనామిక్స్_లెక్చరర్
చిట్టీ విషయంలో నేను పూర్తిగా ఒప్పుకోను, నడిపేవాళ్ల రిస్క్ కూడా ధరలో కలపాలి. ఆటో డెబిట్ మాత్రం నిజంగా పనిచేస్తుంది. థేలర్, బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన పరిశోధనలోని పథకంలో ఉద్యోగులు ఇవాళ కాదు, రాబోయే ఇంక్రిమెంట్లలోంచి దాస్తామని ముందే సంతకం పెట్టారు. 40 నెలల్లో వాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఇవాళ తగ్గించుకోమంటే కష్టం, రేపు పెరిగేదాంట్లోంచి అంటే ఒప్పుకుంటారు.

సూటిగా_శ్రీను
పాలసీ రాబడి గురించి నేను తొందరపడ్డాను గానీ, 5 లక్షల కవర్ ఈ రోజుల్లో ఏ మూలకు? టర్మ్ పాలసీ విడిగా తీసుకోండి బ్రదర్. ఇది ఆపినా ఆపకపోయినా.

మానేరు_గట్టు
తీసుకుంటాను అన్నా. ఈ ప్రీమియం కట్టేస్తున్నా. లోన్ మూసేందుకు ఛార్జీ ఎంతో బ్యాంకును రాతపూర్వకంగా అడిగాను. మా ఆవిడకు ఈ థ్రెడ్ చూపించాను. ఆర్‌డీ తన ఖాతాలో పెడితేనే ఎఫ్‌డీ ముట్టుకోనిస్తానంది. నా జీతం ఖాతా వేరే బ్యాంకులో ఉంది, అక్కడి నుంచి తన ఆర్‌డీకి నేరుగా ఆటో డెబిట్ పెట్టవచ్చా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.