బిల్లులో "నెట్ 30"ని "నికర 30 రోజులు" అనొచ్చా?

రాధిక: స్పాన్సర్డ్ వీడియో చేసిపెట్టాక బ్రాండ్‌కి పంపే ఇన్వాయిస్‌కి తెలుగు నమూనా ఒకటి తయారవుతోంది. పైన "రసీదు" అని పేరు పెట్టారు. కింద "Net 30" అన్నచోట "నికర 30 రోజులు" అని రాశారు. రెండూ చెవికి ఇంపుగా లేవు. మీరేమంటారు?

వేణుగోపాల్: ముందు "రసీదు" తీసెయ్యండి. డబ్బు ముట్టాక ఇచ్చేది రసీదు. రావలసిన డబ్బుకి మీరే రసీదు రాసిస్తే ముట్టినట్టు ఒప్పుకున్నట్టవుతుంది. "బిల్లు" చాలు, లేదా "ఇన్వాయిస్" అనే ఉంచండి. ఇక నికరం అంటే తీసివేతలు పోగా మిగిలింది. రోజుల్లో ఏం తీసేస్తారు? "30 రోజుల గడువు" అనండి.

సత్యనారాయణ: నికరం తప్పేం కాదండీ. టీడీఎస్ పోగా చేతికొచ్చేదే నికరం. దాన్ని 30 రోజుల్లో ఇస్తామని భావం.

వేణుగోపాల్: సగం ఒప్పుకుంటాను. పాత వర్తక బిల్లుల్లో "2/10, net 30" అని ఉండేది. పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే 30 రోజుల్లో మొత్తం సొమ్ము. కాబట్టి ఆ "నెట్" సొమ్ము గురించిన మాటే. కానీ టీడీఎస్‌తో దానికి చుట్టరికం లేదు.

శ్రావణి: అకౌంట్స్ వైపు నుంచి చెప్తాను. విజయవాడ క్రియేటర్, బెంగళూరు బ్రాండ్, వీడియోకి 60,000 అనుకోండి. క్రియేటర్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే రాష్ట్రం మారింది కాబట్టి ఐజీఎస్టీ 18 శాతం, అంటే 10,800. బిల్లు మొత్తం 70,800. బ్రాండ్ 10 శాతం టీడీఎస్ పట్టుకుంటే అది 60,000 మీదే, 6,000. ఖాతాలో పడేది 64,800. జీఎస్టీని విడిగా ఒక వరుసలో చూపకపోతే కొందరు 70,800 మీదే కోస్తారు. బిల్లులో మాత్రం 70,800 అనే రాయాలి. టీడీఎస్‌ని మీరే తీసేసి "నికరం 64,800" అని రాస్తే, దాని మీద మళ్లీ కోత పడే ప్రమాదముంది.

సత్యనారాయణ: మావాడికి 1 శాతమే కోశారే?

శ్రావణి: కొన్ని కంపెనీలు దీన్ని కాంట్రాక్టు పని కింద చూస్తాయి, కొన్ని వృత్తి సేవ కింద. ఒప్పందమప్పుడే అడగడం మేలు.

ఇమ్రాన్: నాదో ప్రశ్న. నా బిల్లులో "30 రోజుల తర్వాత చెల్లించాలి" అని రాసుకున్నాను. ఇప్పుడు 48వ రోజు. అడిగితే "తర్వాతే కదా" అంటున్నారు.

వేణుగోపాల్: మీరు రాసిన మాట వాళ్ల పక్షానే ఉంది. "తర్వాత"కి ఆఖరు లేదు, "లోపు"కి ఉంది. "30 రోజులకు" అన్నా గోడ మీద పిల్లే. ఎప్పటి నుంచి లెక్కో కూడా చెప్పాలి. వీడియో పెట్టిన రోజా, బిల్లు తేదీయా, బిల్లు వాళ్లకి అందిన రోజా? "బిల్లు తేదీ నుంచి 30 రోజుల లోపు, అనగా 5 జూలై 2025 నాటికి" అని రాస్తే వాదనకి చోటుండదు. బిల్లు తేదీ 5 జూన్ అన్నమాట.

శ్రావణి: ఇమ్రాన్ గారూ, మీకు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే రాతపూర్వక ఒప్పందంలో గడువు ఎంతున్నా పని అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదని చట్టం. అసలు ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆ నంబరు బిల్లు మీద ఉంటే అకౌంట్స్‌వాళ్లు ముందు అదే చూస్తారు.

ఇమ్రాన్: ఉంది, బిల్లు మీద వెయ్యలేదు.

రాధిక: ఇంకొకటి. "రిఫరెన్స్" అన్నచోట "సూచిక" సరిపోతుందా?

వేణుగోపాల్: ప్రభుత్వ ఉత్తరాల్లో "విషయం" కింద "సూచిక" అనే ఉంటుంది. సరైన మాటే.

శ్రావణి: మాట ఏదైనా ఒక్క వరుసలో అన్నీ కుక్కకండి. మీ బిల్లు నంబరు, వాళ్ల పర్చేజ్ ఆర్డర్ అంటే పీఓ నంబరు, ప్రచారం పేరు, వీడియో లింకు, పెట్టిన తేదీ వేరువేరు వరుసల్లో ఉండాలి. జీఎస్టీ బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఇలా:

```
INV/25-26/007
```

ఎక్కువగా తిరిగొచ్చేది ఎక్కడంటే, పీఓ ఏజెన్సీ పేరిట ఉంటుంది, క్రియేటర్ బిల్లు బ్రాండ్ పేరిట రాస్తారు. పీఓ మీదున్న పేరు, జీఎస్టీ నంబరే బిల్లు మీదకి రావాలి. సరిచేసి కొత్త తేదీతో పంపితే మీ 30 రోజులూ మళ్లీ మొదటికే.

సత్యనారాయణ: "సూచిక" అంటే పుస్తకం వెనక ఉండే విషయసూచిక అనుకోరూ? "మా నంబరు", "మీ నంబరు" అంటే పోలా?

రాధిక: అదీ బాగానే ఉంది. రెండూ రాసి చూపిస్తాను, అకౌంట్స్‌వాళ్లకి ఏది తొందరగా తెలుస్తుందో చూద్దాం.