నోటీసు లేకుండా నాన్న టిఫిన్ బండి ఎత్తుకెళ్లారు. రిట్ వేస్తే నిలుస్తుందా?

అందరికీ నమస్కారం. మా ఊరి బస్టాండు పక్కన నాన్న పదకొండేళ్లుగా ఇడ్లీ బండి నడుపుతున్నారు. వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు కూడా ఉంది. పోయిన మంగళవారం తెల్లారుజామున మునిసిపాలిటీ వాళ్లు ట్రాక్టర్ తెచ్చి బండి, సిలిండరు, పాత్రలు అన్నీ ఎక్కించుకుపోయారు. పొయ్యి మీద సాంబారు అక్కడే పారబోశారు. కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలని చదివాను. జీవనోపాధి కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ తీర్పు పేవ్‌మెంటు మీదే ఉండే హక్కు ఇవ్వలేదు, చట్టప్రకారం తొలగించవచ్చనే అంది. నాకు ఆ తేడా దగ్గరే తికమక.

ఒక లాయరు గారు 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేద్దామంటున్నారు. ఇంకొకాయన, వేరే మార్గం ఉండగా వస్తే హైకోర్టు వెనక్కి పంపేస్తుంది, ముందు కమిషనరుకు అర్జీ పెట్టుకోమంటున్నారు. మా వాదన వినకుండా తీసేశారు కాబట్టి ఆ అడ్డంకి మాకు వర్తించదా? రిట్‌లో బండి తిరిగివ్వమని మాత్రమే అడగాలా, అదే చోట పెట్టుకోనివ్వమని కూడా అడగవచ్చా? ఇలాంటిది వేసినవాళ్లుంటే, మధ్యంతర ఉత్తర్వుకు ఏ కాగితాలు జతచేశారో చెప్పండి. మా దగ్గర కార్డు, ఫోన్లో తీసిన రెండు ఫోటోలే ఉన్నాయి.