కొడుకు కాని వాడు హోరస్ ఎలా అయ్యాడు? ఈజిప్టు చరిత్ర తెలిసినవారు చెప్పగలరా

ఒసిరిస్ కథ నాకు తెలుసు. తమ్ముడు సెత్ చంపేస్తాడు. చెల్లెలూ భార్యా అయిన ఐసిస్ అతని శరీరాన్ని వెతికి, ప్రాణం పోసి, హోరస్‌ను కంటుంది. కానీ లేచిన ఒసిరిస్ మళ్ళీ సింహాసనం ఎక్కడు, చనిపోయినవారి లోకానికి రాజవుతాడు. భూమ్మీద రాజ్యం సెత్‌తో పోరాడి గెలిచిన డేగ దేవుడు హోరస్‌ది. అందుకే బతికున్న ఫారో హోరస్, చనిపోయిన ఫారో ఒసిరిస్. సక్కారాలో ఉనాస్ పిరమిడ్ గోడల మీద రాజును 'ఒసిరిస్ ఉనాస్' అనే పిలుస్తారు.

ఇక్కడిదాకా బాగానే అర్థమైంది. నా సందేహమల్లా టుటన్‌ఖామున్ సమాధి గురించి. శవపేటిక ఉన్న గదిలో ఉత్తరం గోడ మీద అతను ఒసిరిస్ రూపంలో నిలబడి ఉంటాడు. ఎదురుగా చిరుతపులి చర్మం కప్పుకుని, నీలి కిరీటం పెట్టుకున్న ఆయ్, 'నోరు తెరిచే' కర్మ చేస్తుంటాడు. చనిపోయినవాడు మళ్ళీ తినగలగాలని, మాట్లాడగలగాలని చేసే ఈ కర్మ కొడుకు చెయ్యాల్సింది, అంటే హోరస్ పని. ఆయ్ కొడుకు కాదు, వయసులో చాలా పెద్దవాడైన ఆస్థాన అధికారి. అయినా తర్వాతి రాజు అతనే.

అంటే రక్తసంబంధం లేకపోయినా, అంత్యక్రియలు చేసినవాడే వారసుడని ఒప్పుకునేవారా? లేక రాజ్యం ముందే చేతికొచ్చాక, దాన్ని సమర్థించుకోవడానికి ఈ బొమ్మ వేయించాడా? కొడుకు కానివాడు ఇలా వారసుడైన ఇంకో ఉదాహరణ ఉంటే దయచేసి చెప్పండి.