రోజుకు 400 కిలోమీటర్ల టాక్సీ: బయటి ఫాస్ట్ ఛార్జింగ్ పెట్రోల్ కంటే చవకేనా?

కొత్త బండి: రోజుకు దాదాపు 400 కి.మీ. టాక్సీ తిప్పుతాను. ఎలక్ట్రిక్ బండి కొందామనుకుంటున్నాను. ఇంటి దగ్గర ఛార్జర్ పెట్టుకునే వీలు లేదు, మొత్తం బయట ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడాలి. పెట్రోల్ కంటే నిజంగా మిగులుతుందా, లేక ఊరికే అంటున్నారా?

వెన్నెల డ్రైవర్: కళ్లు మూసుకుని కొనెయ్ అన్నా. నా ఖర్చు పెట్రోల్‌లో నాలుగో వంతు కూడా లేదు. రాత్రి ఇంట్లో ప్లగ్ పెడతాను, పొద్దున్నే ఫుల్.

మీటర్ లెక్క: వెన్నెల గారూ, మీది ఇంటి కరెంటు రేటు. ఆయనకు అదే లేదు కదా. బయటి రేటుకు లెక్క వేరు.

ఏ రేటున్నా పనికొచ్చే పద్ధతి చెప్తాను. మీ పెట్రోల్ బండి లీటరుకు 15 కి.మీ., కొనబోయే బండి యూనిట్‌కు 6 కి.మీ. ఇస్తాయనుకుందాం. అప్పుడు 400 కి.మీ.కి సుమారు 27 లీటర్లు కావాలి, లేదా 67 యూనిట్లు. అంటే లీటరు చేసే పని రెండున్నర యూనిట్లు చేస్తున్నాయి. యూనిట్ ధర లీటరు ధరలో 40 శాతానికి చేరితే రెండూ సమానం. మూడో వంతు ఉంటే రోజుకు నాలుగైదు లీటర్ల డబ్బు మిగులుతుంది, నాలుగో వంతయితే పది లీటర్లది. సగం ఉందంటే మాత్రం చేతి నుంచి పడుతుంది.

ఒక జాగ్రత్త. ఆ 6 కి.మీ. డాష్‌బోర్డు చూసి రాసుకోకండి. ఛార్జింగ్‌లో వేడిగా పోయేది, ఆ సమయంలో బ్యాటరీని చల్లబరచడానికి అయ్యేది సాధారణంగా అందులో కనబడవు, బిల్లులో మాత్రం పడతాయి. ఇలాంటి బండి నడిపేవాళ్లను నెల బిల్లుల్లో మొత్తం యూనిట్లు ఎన్నో అడిగి, అదే నెలలో తిరిగిన కిలోమీటర్లను వాటితో భాగించండి.

హైవే రాజు: లెక్క బాగుంది కానీ పోల్చింది పాత పెట్రోల్ బండితో. నాది హైబ్రిడ్, లీటరుకు 24 వస్తుంది. 400 కి.మీ.కి 17 లీటర్లు చాలు. మీ 67 యూనిట్లు నాలుగో వంతు ధరకు దొరికినా మీకూ నాకూ ఖర్చు ఒక్కటే. పైగా నావన్నీ దూరపు ట్రిప్పులు. 110, 120 స్పీడులో మీ 6 కి.మీ. అయిదుకు జారుతుంది.

మీటర్ లెక్క: హైబ్రిడ్ సంగతి ఒప్పుకుంటాను. దానితో పోలిస్తే ఫాస్ట్ ఛార్జింగ్ గెలవడం కష్టమే. కానీ ఊళ్లో ఆగి ఆగి నడిస్తే మామూలు పెట్రోల్ బండి 15 కూడా ఇవ్వదు. ఎలక్ట్రిక్‌కు అక్కడే లాభం. బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగొస్తుంది. అందుకే ముందు చూడాల్సింది మీ 400లో ఊరెంత, హైవే ఎంత అని.

రెండు షిఫ్టులు: అందరూ టైమ్ వదిలేశారు. నా బండిలో వాడుకోగలిగేది 40 యూనిట్లు. పది శాతం నుంచి ఎనభై దాకా ఎక్కిస్తే 28 యూనిట్లు, అంటే 170 కి.మీ. లోపే. 400 తిరగాలంటే రోజుకు రెండు మూడు సార్లు ఆగాలి. ఒక్కోసారి ముప్పావు గంట, ముందు ఇద్దరుంటే ఇంకా టెన్షన్. సాయంత్రం రద్దీలో ఆ గంట పోతే మిగిలిన పెట్రోల్ డబ్బు అక్కడే పోయినట్టు.

మీటర్ లెక్క: రద్దీ గంటలో ఆగితే నిజమే. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు, భోజనం వేళ పెడితే పోయేదేమీ లేదు. ఎనభై దాటాక లాగకండి. అక్కడి నుంచి బ్యాటరీయే కరెంటు తగ్గించుకుంటుంది, చివరి ఇరవై శాతానికి ముందు పట్టినంత సమయం పట్టినా ఆశ్చర్యం లేదు. నిమిషాల లెక్కన డబ్బు తీసుకునే చోటయితే ఆ చివరి యూనిట్లే అన్నిటికంటే ఖరీదు.

వెన్నెల డ్రైవర్: సరే, రేటు తేడా ఉంది. కానీ ఆయిల్ మార్పిడి లేదు, క్లచ్ లేదు, బ్రేక్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. అవీ కలపాలి కదా?

హైవే రాజు: కలుపు. మరి రోజూ ఫాస్ట్ ఛార్జింగే చేస్తే బ్యాటరీ ఎన్నేళ్లుంటుందో అదీ కలుపు. వారంటీ కిలోమీటర్ల పరిమితి నీకు రెండు మూడేళ్లలోనే దాటిపోవచ్చు.

రెండు షిఫ్టులు: టాక్సీగా తిప్పితే వారంటీ షరతులు వేరుగా ఉండొచ్చు. కొనే ముందు కాగితం మీద చదువుకోండి, షోరూమ్‌లో నోటిమాట లెక్కలోకి రాదు.

కొత్త బండి: నావి మూడొంతులు ఊళ్లోనే. నేను తిరిగే దారిలో యూనిట్ ధర లీటరులో మూడో వంతుకు కొంచెం తక్కువే. కానీ ఆ దారిలో ఉన్నవి రెండే ఛార్జర్లు, ఒకటి తరచూ పనిచేయదు.

మీటర్ లెక్క: అయితే రేటు కాదు మీ సమస్య. బాగా పనిచేసే ఆ రెండోది మధ్యాహ్నాలు ఎలా ఉంటుందో, లైను ఎంత ఉంటుందో కొన్నాళ్లు గమనించి అప్పుడు అడ్వాన్సు కట్టండి.