వేమన పద్యంలో మా నాయనను చూసుకోవడం ఎంతవరకు సరి?

మాది అనంతపురం పక్క పల్లె. శెనక్కాయ పంట వరసగా పోయిన ఏండ్లలో మా నాయన బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరినాడు. ఊర్లో నలుగురి తగువులు తీర్చే మనిషి, అక్కడ కారు హారన్ వినపడితే టీ గ్లాసు కింద పెట్టి గేటు కాడికి ఉరికేవాడు. అందుకే ‘అనువుగాని చోట అధికులమనరాదు’ అంటే ‘నోరు మూసుకుని తలొంచుకో’ అనే నాకు వినపడేది.

మొన్న మా అయివారు అడిగినాడు: ‘తలొంచుకోమని ఏ మాటలో ఉందప్పా?’ వెతికితే లేదు. ‘అనరాదు’ అన్నాడంతే, గొప్పని చెప్పుకోవద్దనడమే గాని, నువ్వు గొప్ప కాదనడం కాదు. ‘కొంచెముండుటెల్ల కొదువ కాదు’ అన్న పాదమైతే నా అర్థానికి నేరుగా ఎదురు. అద్దంలో కొండ చిన్నగా కనపడుతుంది, కొండేం తరగదు.

అమెరికా విమర్శకురాలు లూయిజ్ రోజెన్‌బ్లాట్ రెండు షరతులు చెప్పింది: రచనలోని ఏ మాటా మన అర్థాన్ని కాదనకూడదు, మాటల ఆధారం లేనిదాన్ని మనం అంటగట్టకూడదు. నా పాత అర్థం మొదటిదాంట్లోనే పోయింది.

ఇప్పుడు ఇంకొకటి తోస్తోంది. తప్పు అద్దానిది, అంటే పట్నానిది అని. కానీ అద్దాన్ని తప్పుపట్టిన మాట పద్యంలో ఒక్కటీ లేదు. అయినా గేటు కాడ నాయన గుర్తుకు రాకుంటే ‘చోట’ అన్న మాట మీద నా కన్ను ఆగేదే కాదు.

‘అనువుగాని’ అన్న ఒక్క మాట ఈ అర్థాన్ని మోయగలదా, లేక ఇదీ నా బాధేనా? పాత పద్యాలు బాగా చదివినోళ్లు చెప్పండి.