అప్‌డేట్: కొండ మీది గుడికి నీళ్లు మోసే కుర్రాడి స్క్రిప్ట్

అప్పుడు అడిగింది: రోజూ కొండెక్కి గుడికి నీళ్లు మోసే కుర్రాడి కథ రాస్తున్నాను. దారిలో వాడు నేర్చుకున్నది డైలాగ్ లేకుండా ఎలా చూపించాలి?

దారిలో ఎదురై నీతులు చెప్పే ముసలాయన పాత్ర తీసేశాను. నేర్చుకోవడమంతా బిందెలోనే పెట్టాను.

ఇప్పుడు కథలో మూడు ఉదయాలే ఉన్నాయి. మొదటి రోజు అంచు దాకా నింపి గబగబా ఎక్కుతాడు. అడుగుల లయకి నీళ్ల ఊపు కలిసి, ప్రతి మెట్టుకీ తొణుకుతాయి. రెండో రోజు మెడ కిందికే నింపుతాడు, అడుగు చిన్నది చేస్తాడు. మూడో రోజు సీన్ ఇలా రాశాను:

మెట్ల దారి – ఉదయం
కుర్రాడు బిందె దించుతాడు. పక్కనున్న కొమ్మ తుంచి నీళ్ల మీద వేస్తాడు. మళ్లీ ఎత్తుకుంటాడు. ఆకులు ఊగుతాయి, నీళ్లు ఒలకవు.

పైన తేలే ఆకులు అలని పెరగనివ్వవు, అందుకే ఒలకడం తగ్గుతుంది. భుజం మీది బిందెలో నీళ్లు కెమెరాకి కనిపించవు కాబట్టి కొలత చొక్కాకి ఇచ్చాను: మొదటి రోజు వీపంతా తడి, మూడో రోజు పొడి.

ఒక చిక్కుంది. పది లీటర్లంటే పది కిలోలు, పైగా బిందె బరువు. పిల్లాడితో టేకు మీద టేకు మోయించలేం. ఖాళీ బిందె ఇస్తే నడకలోనే దొరికిపోతుంది. దూరం షాట్లకి మూడు లీటర్లు పోసి, నిండు బిందెని దగ్గరి షాట్లకే వాడతాను.

పూజారికి ఒక్క మాటే మిగిలింది: "ఇవాళ ఎక్కువ తెచ్చావే!" తక్కువ నింపినవాడికి ఆ మాట రావడం నాకు నచ్చింది, ఉంచేస్తున్నా.